శైలూకి, పండు గురించి

శైలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో మన కుక్క పండు పోయాడని నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. "ఊఁ, ఊఁ" అంటూ కూర్చున్నాను. పెట్టేశాక చెప్పాల్సినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మళ్లీ ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుస్తాం, అందుకే రాస్తున్నా. ఇప్పుడే చదవాలని లేదు. జవాబు అసలే ఇవ్వక్కర్లేదు.

ముందు ఒక్క మాట. నిన్న నువ్వు మూడుసార్లు అన్నావు, "నేనే చంపేశానే" అని. మూడుసార్లూ నేను "ఛ, అలా అనకు" అని ఊరుకున్నా. అది జవాబు కాదని నాకూ తెలుసు. నిజంగా నేను అనుకుంటున్నది చెప్తా, విను.

పండు ఆఖరి నాలుగు రోజులూ ఏమీ తినలేదు. పెరుగన్నం మొహాన పెట్టినా తల తిప్పుకున్నాడని నువ్వే చెప్పావు. నోట్లో పుళ్లు, నోరు తెరిస్తే ఆ వాసన, నీళ్లు తాగినా వాంతి. సెలైన్ ఎక్కిస్తున్నా క్రియాటినిన్ దిగలేదు. డాక్టరుగారు ఇక చేసేది లేదని చెప్పాక కూడా నువ్వు ఇంకో రోజు ఆగావు, ఇంకో రిపోర్టు చూశావు. ఆ తర్వాతే ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నావు. వాణ్ని చంపింది కిడ్నీ జబ్బు. నువ్వు చేసిందల్లా ఆ నొప్పి ఇంకో నాలుగు రోజులు సాగకుండా ఆపడం. ముందు మత్తు ఇచ్చి, వాడు పూర్తిగా నిద్రపోయాకే రెండో ఇంజెక్షన్ ఇచ్చారన్నావు కదా. అంటే వాడికి చివరగా తెలిసింది నీ ఒడి, నీ చెయ్యి, నీ గొంతు. సూది సంగతి వాడికి తెలియదు.

రెండోది, "ముందే ఎందుకు కనిపెట్టలేకపోయాను" అంటున్నావు. మా పక్కింటి అమ్మాయి వెటర్నరీ చదువుతోంది, పొద్దున తనని అడిగా. కుక్కల్లో కిడ్నీ పని దాదాపు ముప్పావు వంతు పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెద్దగా పెరగదట. వాడు నీళ్లు ఎక్కువ తాగుతున్నాడని వేసవిలో నువ్వు అనుకున్నావు, ఎండలు కదా అని మేమందరం అన్నాం. విశాఖ ఉక్కపోతలో ఎవరైనా అదే అంటారు. దాన్ని పట్టుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు. తిట్టాలంటే నన్నూ తిట్టు, ఆ రోజు పక్కనే ఉన్నా.

వాడు దొరికిన రోజు నేనూ ఉన్నాను కాబట్టి, వాడి మీద నాకూ కొంచెం హక్కుంది. 2014 అక్టోబరు, హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మర్నాడు. ఎం.వి.పి. కాలనీలో మీ వీధి నిండా పడిపోయిన చెట్లే. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మీ నాన్నగారు పాల ప్యాకెట్ కోసం పొద్దున్నే వెళ్లి గంటలు క్యూలో నిలబడి, రెట్టింపు కంటే ఎక్కువ పెట్టి ఒకటే తెచ్చారు. ఇంటికొచ్చేసరికి నువ్వు కూలిన బాదం చెట్టు కొమ్మల కింద నుంచి తడిసి ముద్దయిన ఎలుకలాంటిదాన్ని తీసి టవల్లో చుట్టుకుని కూర్చున్నావు. ఆయన నీ వంక చూశారు, ప్యాకెట్ వంక చూశారు. "ఇంట్లో కాఫీకి కూడా లేవు, దీనికి పాలా!" అన్నారు. తర్వాత ఆయనే గిన్నెలో పోసి, గోరువెచ్చగా చేసి, దూదితో తాగించారు. ఆ రోజు అందరం బ్లాక్ కాఫీ తాగాం. నాకు ఇప్పటికీ ఆ చేదు గుర్తుంది.

నాకు కుక్కలంటే ఎంత భయమో నీకు తెలుసు. వీధి చివర కుక్క కనిపిస్తే అటు వెళ్లేదాన్నే కాదు. వాడు ఆ భయం పోగొట్టడానికి పెద్ద ప్రయత్నమేమీ చేయలేదు. నేను తెచ్చిన కాకినాడ కాజాలు అట్టపెట్టెతో సహా తినేసి, మూతికి కాగితం ముక్క అంటించుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అంతే. ఆ మొహం చూశాక ఎవరికైనా ఎలా భయమేస్తుంది?

దీపావళి వస్తే చాలు, కూలర్ వెనక దూరి పొద్దున్నదాకా బయటకు రాడు కదా. ఈసారి బాంబులు పేలుతుంటే వరండాలోనే పడుకుని ఉన్నాడని, చెవి కూడా కదపలేదని మీ అమ్మగారు చెప్పారు. "అప్పుడే నా మనసుకు తెలిసిపోయిందమ్మా" అన్నారు. ఆవిడ గురించి కూడా కొంచెం చూడు. పైకి "పోనీలే, బాధలు తప్పాయి" అంటున్నారు కానీ, రాత్రి అన్నం కలిపి వాడి ముద్ద పక్కన పెట్టేశారట అలవాటులో. నాన్నగారైతే ఒక్క మాటా మాట్లాడటం లేదన్నావు. ఆయన పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లకపోతే బలవంతం చెయ్యకు. పదకొండేళ్లు ఆ చేతిలో తాడు ఉంది, ఖాళీ చేతులతో బీచ్ రోడ్డు మీద నడవడం ఆయనకు ఇప్పుడు కష్టం.

ఎదురింటావిడ "కుక్కకే ఇంత ఏడుపా, ఇంకోటి తెచ్చుకోండి" అందని నీకు కోపం వచ్చింది. రావాలి కూడా. ఆవిడతో వాదించకు, ఓపిక లేదు నీకు. ఆఫీసులో మాత్రం రెండు రోజులు సెలవు అడుగు. కారణం చెప్పడానికి మొహమాటమైతే ఒంట్లో బాగాలేదను. అది అబద్ధం కాదు, మూడు రోజుల నుంచి నువ్వు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు.

ధర్మరాజు, కుక్క కథ ఈపాటికి నీకు పదిమంది చెప్పే ఉంటారు, నేను మళ్లీ చెప్పను. అందులో నాకు ఒకటే నచ్చుతుంది. స్వర్గం గుమ్మం దాకా వచ్చాక కూడా, నన్ను నమ్ముకుని వెంట వచ్చినదాన్ని వదలనన్నాడాయన. నువ్వూ వదల్లేదు. మీ బావగారు "నేను పట్టుకుంటా, నువ్వు బయట కూర్చో" అంటే వద్దని లోపలే ఉన్నావు. ఆ గదిలో నేనైతే నిలబడగలిగేదాన్ని కాదు.

వాణ్ని భీమిలిలో మీ పెదనాన్నగారి సపోటా తోటలో పాతిపెట్టారన్నావు. మంచిపని చేశారు. ఒకసారి వాణ్ని ఆ తోటకు తీసుకెళ్తే రాలిన కాయలన్నీ తిని కడుపునొప్పి తెచ్చుకున్నాడు, గుర్తుందా?

వాడి గిన్నె, తాడు, ఆ చిరిగిన దుప్పటి ఇప్పుడే తీసెయ్యమని ఎవరన్నా అంటే వినకు. ఉండనీ. కంటికి కనపడితే తట్టుకోలేకపోతే ఒక అట్టపెట్టెలో పెట్టు, నేను వచ్చాక చూద్దాం. మిగిలిపోయిన సెలైన్ బాటిళ్లు, విప్పని మందులు మాత్రం డాక్టరుగారికి ఇచ్చేస్తే డబ్బుల్లేనివాళ్ల కుక్కలకు ఏమన్నా పనికొస్తాయేమో అడుగుదాం. ఆ పని నేను చేస్తా, నువ్వు ఆ ఆసుపత్రి మెట్లు మళ్లీ ఇప్పుడే ఎక్కక్కర్లేదు.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ దొరికింది. శనివారం పొద్దున్నే దిగుతా. స్టేషన్‌కు రావద్దు, ఆటోలో వచ్చేస్తా. గేటు తీస్తుంటే ఎప్పుడూ వాడే ముందు పరిగెత్తుకొచ్చి నా బ్యాగు వాసన చూసేవాడు. ఈసారి గేటు దగ్గర నేను కాసేపు నిలబడిపోతానేమో, కంగారుపడకు. నువ్వే బయటికి రా.

కాజాలు తెస్తున్నా. అట్టపెట్టెలోవే.

నీ
సుజ్జి