తమ్ముడూ, నీ అప్రైజల్ లెటర్ నాలుగు పేజీలూ చదివాను

రాత్రి ఫోన్‌లో "పది శాతం అని రాసి మూడు వేలు చేతిలో పెడుతున్నారు, ఇది మోసం కాదా అక్కా" అన్నావు కదా. కూర్చుని లైను లైను చదివాను. మోసం లేదు, కూడికల్లో తప్పు కూడా లేదు. కానీ నువ్వు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, అది నువ్వు కోపంగా ఉన్న చోట కాదు, రెండో పేజీలో ఉంది. ఇన్నేళ్లు పేరోల్‌లో పనిచేస్తూ ఇలాంటి లెటర్లు చాలా చూశాను కాబట్టి చెప్తున్నా, ముందు మొత్తం చదువు, తర్వాత హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు.

మొదటి పేజీలో ఉన్నది ఇది: "మీ మొత్తం టార్గెట్ పారితోషికం 2026 జనవరి 1 నుంచి రూ.9,90,000 నుంచి రూ.10,88,640కి సవరించబడింది. పెరుగుదల 9.96 శాతం." ఈ వాక్యంలో నీ కన్ను ఆగాల్సిన మాట "టార్గెట్". అంటే ఫిక్స్‌డ్ జీతం, దానిమీద ఏడాదికోసారి వచ్చే వేరియబుల్, రెండూ కలిపిన అంకె. విడదీస్తే ఫిక్స్‌డ్ 9,00,000 నుంచి 9,72,000 అయింది, అది సరిగ్గా 8 శాతం. వేరియబుల్ మాత్రం ఫిక్స్‌డ్‌లో 10 శాతంగా ఉన్నది 12 శాతం చేశారు, అంటే 90,000 ఉన్నది 1,16,640. ఈ రెండోది 2026 పనికి 2027లో చూసుకునే డబ్బు, వస్తుందో రాదో, వస్తే ఎంతో అప్పటి కంపెనీ ఫలితాలను బట్టి ఉంటుంది. కాబట్టి ఎవరైనా హైక్ ఎంత అని అడిగితే నీ జవాబు 8.

ఇప్పుడు రెండో పేజీ, రేటింగ్. "సెల్ఫ్ రేటింగ్ 4, మేనేజర్ సిఫార్సు 4, కాలిబ్రేషన్ తర్వాత తుది రేటింగ్ 3." దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంక్రిమెంట్ పట్టిక ఉంది, నువ్వు దాన్ని చూడనే లేదనుకుంటా. 3 వచ్చినవాళ్లకి మూడు మెట్లున్నాయి: కంపా రేషియో 0.90 కన్నా తక్కువుంటే 9 శాతం, 0.90 నుంచి 1.10 దాకా 8, ఆపైన 6. కంపా రేషియో అంటే నీ ఫిక్స్‌డ్ జీతాన్ని నీ గ్రేడ్ మిడ్ పాయింట్‌తో, అంటే ఆ గ్రేడ్ జీతాల శ్రేణికి మధ్య అంకెతో, భాగిస్తే వచ్చేది. మీ గ్రేడ్‌కి మిడ్ పాయింట్ 9,60,000 అని రాశారు, నీది 9,00,000, భాగిస్తే 0.94. అందుకే 8. అదే రేటింగ్ ఉన్న నీ పక్క సీటు అతనికి 9 వచ్చిందని బాధపడ్డావు కదా, బహుశా అతని జీతం గ్రేడ్‌లో ఇంకా కింద ఉండి ఉంటుంది. శాతం ఎక్కువ వచ్చినంత మాత్రాన డబ్బు ఎక్కువ వచ్చిందని కాదు. జీతం తక్కువున్నవాళ్లని మధ్యకి లాగడానికే ఈ పట్టిక.

అదే కంపా రేషియోకి 4 రేటింగ్ గడిలో 11 శాతం ఉంది. అంటే 72,000 బదులు 99,000. తేడా ఏడాదికి 27,000, అదీ ఈ ఒక్క ఏడాదికే కాదు, వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ కూడా ఈ పెరిగిన ఫిక్స్‌డ్ మీదే లెక్కేస్తారు. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. మేనేజర్ 4 ఇచ్చాక పైవాళ్లు అన్ని టీముల రేటింగుల్నీ పక్కపక్కన పెట్టి కొన్నిటిని తగ్గిస్తారు, కాలిబ్రేషన్ అంటే అదే, అది మామూలే. కానీ ఎందుకు తగ్గించారో ఈ లెటర్‌లో ఒక్క ముక్క లేదు. పోయిన సెప్టెంబర్‌లో నాన్న ఆపరేషన్‌కి నువ్వు నెల రోజులు సెలవు పెట్టావు. ఆ సెలవే నీ రేటింగ్‌ని తగ్గించిందా అన్నది నువ్వు అడిగి తీరాలి. ఎందుకంటే ఆ నెలకి నువ్వు ఇప్పటికే ఒకసారి మూల్యం కట్టావు, మూడో పేజీ చూడు.

మూడో పేజీ బోనస్. నువ్వు 90,000 వస్తుందని లెక్కేసుకున్నావు, లెటర్‌లో 70,212 ఉంది. దారి ఇది: టార్గెట్ 90,000. దాన్ని కంపెనీ ఫ్యాక్టర్ 85 శాతంతో గుణిస్తే 76,500. నీ వ్యక్తిగత ఫ్యాక్టర్ 3 రేటింగ్‌కి 100 శాతం, కాబట్టి మారదు. ఆ తర్వాత "అర్హత ఉన్న రోజులు 335/365" అన్నారు. లాస్ ఆఫ్ పేలో, అంటే జీతం లేని సెలవులో, పోయిన 30 రోజులు తీసేశారు. 76,500ని 335తో గుణించి 365తో భాగించు, 70,212 వస్తుంది. పాలసీలో ఉన్నదే చేశారు, దాంట్లో అడగడానికేమీ లేదు. 4 రేటింగ్ అయ్యుంటే వ్యక్తిగత ఫ్యాక్టర్ 120, అప్పుడు ఇదే లెక్కలో 84,255 వచ్చేది, ఇంకో పద్నాలుగు వేల పైచిలుకు. అందుకే అంటున్నా, రోజులు కోయడం సరే, అదే సెలవుకి రేటింగ్ కూడా కోస్తే అది రెండోసారి కోత.

బోనస్ కింద అర్హత షరతు రెండుసార్లు చదువు: "చెల్లింపు తేదీ అయిన 2026 మార్చి 31న ఉద్యోగి రోల్స్‌లో ఉండాలి, నోటీస్ పీరియడ్‌లో ఉండకూడదు." రాజీనామా చేసిన రోజు నుంచే నోటీస్ మొదలవుతుంది, ఆఖరి పనిదినం నుంచి కాదు. చేతిలో ఇంకో ఆఫర్ ఉందని కోపంలో మార్చి మధ్యలో మెయిల్ కొట్టావంటే ఈ 70,212 మొత్తం పోతుంది. డబ్బు అకౌంట్‌లో పడ్డాకే ఏదైనా.

ఇక నిన్ను నిద్రపోనివ్వని నాలుగో పేజీ, జీతం పట్టిక. నెలవారీ అంకెలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టాను, నికర జీతం లెటర్‌లో ఉండదు కాబట్టి చివరి మూడు వరుసలు నేనే కలిపాను.

| అంశం | పాతది | కొత్తది |
|---|---|---|
| బేసిక్ | 30,000 | 40,500 |
| హెచ్‌ఆర్‌ఏ | 12,000 | 16,200 |
| స్పెషల్ అలవెన్స్ | 27,957 | 17,492 |
| కంపెనీ వాటా పీఎఫ్ | 3,600 | 4,860 |
| గ్రాట్యుటీ | 1,443 | 1,948 |
| ఫిక్స్‌డ్ మొత్తం | 75,000 | 81,000 |
| నీ వాటా పీఎఫ్ కోత | 3,600 | 4,860 |
| ప్రొఫెషనల్ ట్యాక్స్ | 200 | 200 |
| చేతికొచ్చేది | 66,157 | 69,132 |

ఫిక్స్‌డ్ నెలకి 6,000 పెరిగింది, చేతికి 2,975 పెరిగింది, అంటే నాలుగున్నర శాతం. మిగతా 3,025 ఎక్కడికి పోయింది? కంపెనీ పీఎఫ్‌లోకి 1,260, నీ పీఎఫ్‌లోకి 1,260, గ్రాట్యుటీలోకి 505. అంతే, ఇంకెక్కడికీ పోలేదు.

కారణం బేసిక్. పాత పట్టికలో అది ఫిక్స్‌డ్‌లో 40 శాతం, ఇప్పుడు 50. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనం అంటే ఏంటో చెప్పిన చోట, హెచ్‌ఆర్‌ఏ లాంటి మినహాయింపు ఉన్నవన్నీ కలిపి మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనంలోనే కలపాలి అని ఉంది. ఈ గొడవ లేకుండా మీ కంపెనీ బేసిక్‌నే సగానికి తెచ్చి, ఆ మేరకు స్పెషల్ అలవెన్స్‌ని కోసేసింది. పీఎఫ్ తప్పనిసరి పరిమితి ఇప్పటికీ 15,000 వేతనమే, అంటే నెలకి 1,800 కడితే చట్టానికి సరిపోతుంది. మీవాళ్లు మొదట్నుంచీ పూర్తి బేసిక్ మీద 12 శాతం కడుతున్నారు, అందుకే బేసిక్ పెరగగానే కోత పెరిగింది. ఇది నాకు మంచిదిగానే కనిపిస్తోంది. నెలకి అదనంగా వెళ్లే 2,520 నీ పేరునే జమవుతుంది, 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు, బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే అంత రావడం కష్టం. ఇంటి ఈఎంఐ ఉంది కాబట్టి నీకు ఇప్పుడు ఇబ్బందే, కాదనను.

గ్రాట్యుటీ విషయం వేరు. నువ్వు 2023 జూన్‌లో చేరావు, పర్మినెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే అది చేతికొస్తుంది, 2028 దాకా ఆగాలి. అప్పుడైనా ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో, ఎన్నేళ్లు చేశావో దాంతో గుణించి ఇస్తారు. ఈలోగా మానేస్తే నెలనెలా ఫిక్స్‌డ్‌లో చూపించే ఈ 1,948 నీది కాదు. కొత్త ఆఫర్‌తో పోల్చేటప్పుడు ఈ వరుస తీసేసి పోల్చు.

ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి టెన్షన్ వద్దు. నువ్వు కొత్త పన్ను విధానంలోనే ఉన్నావు, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 2025-26లో 12,75,000 దాకా జీతానికి పన్ను పడదు. బోనస్ కలిపినా నువ్వు దాని దరిదాపుల్లో లేవు. బోనస్ మీద టీడీఎస్ కోసినట్టు కనిపిస్తే వెంటనే నాకు పేస్లిప్ పంపు.

ఇంకోటి, ఫిబ్రవరి జీతం 72,107 పడుతుంది. అది చూసి పొంగిపోకు. జనవరి అరియర్ 2,975 అందులో కలిసి ఉంటుంది. మార్చి జీతం 69,132కి వచ్చేస్తుంది, బోనస్ దాని పక్కన వేరే వరుసలో ఉంటుంది. ఈఎంఐ లెక్క 69 వేల మీదే వేసుకో.

మెయిల్‌లో హైక్ తక్కువైందని, సీటీసీ మోసమని రాయకు, వాటికి వాళ్ల దగ్గర పట్టిక ఉంది, చూపించి పంపేస్తారు. ఇంత మాత్రం రాయి:

"నా 2025 రేటింగ్ మేనేజర్ సిఫార్సులో 4గా ఉండి కాలిబ్రేషన్ తర్వాత 3 అయింది. ఈ మార్పుకి కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు. సెప్టెంబర్‌లో అనుమతితో తీసుకున్న 30 రోజుల లాస్ ఆఫ్ పే సెలవు రేటింగ్‌పై ప్రభావం చూపిందా అన్నది కూడా స్పష్టం చేయగలరు. ఆ రోజులు బోనస్ లెక్కలో ఇప్పటికే తగ్గించి ఉన్నాయి. సెలవు కారణంగా రేటింగ్ మారి ఉంటే పునఃపరిశీలించమని కోరుతున్నాను."

మేనేజర్‌ని కాపీలో పెట్టు, ఆయన 4 ఇచ్చిన మనిషి, నీ పక్షానే ఉంటాడు. పంపేముందు ఆయనతో ఒక్క మాట చెప్పు, హఠాత్తుగా మెయిల్ చూస్తే ఎవరికైనా బాగుండదు. లెటర్ ఫిబ్రవరి 20న అందింది, అభ్యంతరాలు పది రోజుల్లోగా అని ఆఖరి పేరాలో ఉంది, అంటే మార్చి 2 ఆఖరు. అంగీకరిస్తున్నాను అనే బటన్ పోర్టల్‌లో ఇప్పుడే నొక్కకు, జవాబు వచ్చాక నొక్కవచ్చు. ఆ కొత్త ఆఫర్ లెటర్ కూడా నాకు పంపు, మొదటి పేజీ ఒక్కటే కాదు, జీతం పట్టిక ఉన్న పేజీతో సహా.