మాటలతో బొమ్మలు: శాఖా గ్రంథాలయంలో పెద్దల వర్క్‌షాప్ ప్రారంభం

అందరికీ నమస్కారం. రోజూ పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే పెద్దలే ఇవాళ ఫోన్లు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఈరోజు ఫోన్లో ఏఐకి, అంటే మనం చెప్పింది అర్థం చేసుకుని బొమ్మ వేసే యాప్‌కి, మాటలు చెప్పి బొమ్మ వేయించుకోవడం నేర్చుకుందాం. ఆ చెప్పే మాటల్నే ప్రాంప్ట్ అంటారు. ఇంగ్లిష్ రాదని టెన్షన్ వద్దు, తెలుగులోనే చెప్పొచ్చు. టైపింగ్ కష్టమైతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడండి.

ఊరికే "పల్లెటూరి ఇల్లు" అంటే ఏఐ తనకు తోచిన ఇల్లేదో వేసేస్తుంది. మీరు పుట్టి పెరిగిన ఇల్లు దానికేం తెలుసు? అందుకే ఇలా చెప్పండి: "పెంకుటిల్లు, ముందు ఎత్తయిన అరుగు, అరుగు మీద పడక్కుర్చీలో తెల్ల పంచె కట్టుకున్న తాతయ్య, గుమ్మానికి మామిడాకుల తోరణం, సాయంత్రం ఎండ, వాటర్ కలర్ బొమ్మలా." తాతయ్యకు తలపాగా పెట్టిందనుకోండి, "తలపాగా తీసెయ్" అని మళ్లీ చెప్పండి. అవే మాటలు రెండోసారి చెప్పినా బొమ్మ మారుతుంది, ఫోను పాడైందనుకోకండి. బొమ్మలో తెలుగు అక్షరాలు రాయమంటే తరచూ తప్పులొస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆధార్ నంబరు, మనవల ఫొటోలు అందులో పెట్టొద్దు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఫొటో నిజం కానక్కర్లేదని, మీ చేత్తో ఒకటి చేసి చూస్తే మీకే అర్థమవుతుంది. ఈ వర్క్‌షాప్ పెట్టడానికి అసలు కారణం అదే.

వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాశాను. కాలేజీ పిల్లలు పక్కనే ఉంటారు, ఏ డౌటొచ్చినా అడగండి. ఫోను మాత్రం వాళ్ల చేతికివ్వకండి, మీరే నొక్కాలి.