రెస్టారెంట్‌లో సర్వర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ: ఆర్డర్ తప్పినప్పుడు, రద్దీ వేళ, అదనంగా అమ్మేటప్పుడు

మేనేజర్: కూర్చోండి. ఇదివరకు కెఫేలో చేశారు కాబట్టి ట్రే పట్టుకోవడం వచ్చా అని అడగను, నేరుగా సందర్భాలే ఇస్తాను. నలుగురున్న టేబుల్. ముగ్గురికి సరిగ్గానే వచ్చింది, నాలుగో ఆవిడ మాత్రం నేను చికెన్ కాదు, మష్రూమ్ పాస్తా చెప్పాను అంటున్నారు. మీ ప్యాడ్‌లో చికెన్ అనే ఉంది.

అభ్యర్థి: ప్యాడ్ తీసి చూపించను మేడమ్. తప్పెవరిదో అక్కడ తేల్చుకుని లాభం లేదు, ఆవిడ ఆకలి మీద ఉన్నారు, మిగతా ముగ్గురూ మొదలుపెట్టాలా ఆగాలా అని మొహాలు చూసుకుంటున్నారు. "సారీ అండి, ఇప్పుడే మార్పించి తెస్తాను" అని ప్లేటు తీసేస్తాను. కిచెన్‌లో ముందు నోటితో చెప్పి ఆ తర్వాత కేఓటీ, అంటే కిచెన్‌కి వెళ్లే ఆర్డర్ స్లిప్పు కొడతాను, ఎందుకంటే ఉత్త స్లిప్పు పంపితే అది అన్నిటి వెనకా వరుసలో పడుతుంది, ఈలోపు ఆ ముగ్గురూ తినేసి కూర్చుంటారు. ఎంతసేపు పడుతుందో చెఫ్‌ని అడిగి ఆ టైమే వచ్చి చెప్తాను. ఊరికే రెండు నిమిషాలు అని మాత్రం అనను. బిల్లులో ఏమైనా తగ్గించాలంటే అది మీ నిర్ణయం, కాబట్టి మీకూ వెంటనే చెప్తాను.

మేనేజర్: వెనక్కి తెచ్చిన ప్లేటు ఎవరూ ముట్టుకోలేదు. పక్క టేబుల్ వాళ్లకి అదే కావాలి.

అభ్యర్థి: ఇవ్వను. ఒకరి ముందు పెట్టి తీసింది ఇంకొకరికి పెట్టకూడదు.

మేనేజర్: నట్స్ అలర్జీ అని ముందే చెప్పిన కస్టమర్‌కి సలాడ్ మీద బాదం ముక్కలు చల్లి వచ్చాయి. ఏరేసి ఇచ్చేయమంటున్నారు కిచెన్‌లో.

అభ్యర్థి: దీంట్లో మాత్రం ఎవరు చెప్పినా వినను మేడమ్. ఏరేసినా పొడి, చిన్న ముక్కలు ఉండిపోతాయి, కొందరికి ఆ కాస్త చాలు ప్రాణం మీదికి రావడానికి. శుభ్రమైన గిన్నె, శుభ్రమైన గరిటెలతో మొదటినుంచి చేయమంటాను. అయితే అన్నిటికంటే ముందు టేబుల్ దగ్గరికెళ్లి తిన్నారా అని అడుగుతాను. ఒక్క ముద్ద తిన్నా మిమ్మల్ని పిలుస్తాను, గొంతు బిగుసుకుంటోంది, ఊపిరి ఆడట్లేదు అంటే క్షణం ఆగకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి.

మేనేజర్: బాగుంది. ఇప్పుడు రద్దీ టైమ్. కిచెన్ కౌంటర్ మీద మీ వేడి ప్లేట్లు రెండున్నాయి, ఒక టేబుల్ బిల్లు అడుగుతోంది, ఇంకొకరు నీళ్లు, కొత్తగా ఆరుగురు వచ్చి కూర్చున్నారు. ఏది ముందు?

అభ్యర్థి: వేడి ప్లేట్లు. మిగతావాళ్లు రెండు నిమిషాలు ఆగగలరు, వేడి ఆగదు. కాకపోతే ఎవరినీ చూడనట్టు పరిగెత్తను, దారిలో ఆ ఆరుగురితో "వస్తున్నానండి" అని ఒక్క మాట అంటాను, మనం గమనించామని తెలిస్తే సగం చిరాకు అక్కడే పోతుంది. ప్లేట్లు పెట్టి వచ్చేటప్పుడు ఖాళీ ప్లేట్లు తీసుకొస్తాను, బిల్లు ప్రింట్ కొట్టి, నీళ్లు, మెనూలు, బిల్లు ఒకే తిరుగుడులో ఇచ్చేస్తాను. ఖాళీ చేతులతో అటూ ఇటూ తిరిగితే ఎంత పరిగెత్తినా పని తరగదు. అప్పటికీ చేయి దాటిపోతుంటే పక్క సెక్షన్ వాళ్లని సాయం అడుగుతాను.

మేనేజర్: ఆర్డర్ ఇచ్చి చాలాసేపైంది, ఆయన అరుస్తున్నారు.

అభ్యర్థి: పూర్తిగా విని, స్లిప్పు ఎక్కడుందో కిచెన్‌లో కనుక్కొని ఉన్నమాట చెప్తాను. ఇంకా మొదలే పెట్టకపోతే త్వరగా అయ్యేది ఏముందో అడిగి చెప్తాను, మార్చుకోవడం ఆయన ఇష్టం.

మేనేజర్: ఇక అమ్మకం. నేనే కస్టమర్‌ని అనుకోండి. ఒక గ్రిల్డ్ ఫిష్ ఇవ్వండి.

అభ్యర్థి: తప్పకుండా అండి. ఫిష్‌తో పాటు నిమ్మరసం వేసిన సలాడ్ ఒకటుంది, ఇద్దరికి సరిపోతుంది. తెమ్మంటారా? ధర ఇదిగో, మెనూలో ఇక్కడుంది.

మేనేజర్: వద్దండి.

అభ్యర్థి: సరే అండి. ఒక గ్రిల్డ్ ఫిష్. ఇప్పుడే చెప్తాను.

మేనేజర్: అంతేనా? ఇంకోటి అడగరా?

అభ్యర్థి: అడగను మేడమ్. రెండోసారి అడిగితే అమ్ముతున్నానని తెలిసిపోతుంది, ఆ తర్వాత నేను మంచి మాట చెప్పినా నమ్మరు. ప్లేట్లు తీసేటప్పుడు, తొందరలో లేరనిపిస్తే, డెజర్ట్ మెనూ చూస్తారా అంటాను. అప్పటికే టైమ్ చూసుకుంటున్న మనిషికి అదీ చెప్పను, బిల్లు తెస్తాను. ఇద్దరే కూర్చుని నలుగురికి సరిపడా చెప్తుంటే, ఇది ఎక్కువవుతుందండి అని నేనే అంటాను.

మేనేజర్: అలా అంటే బిల్లు తగ్గుతుంది కదా?

అభ్యర్థి: ఆ పూటకి తగ్గుతుంది. కానీ తర్వాత ఆ టేబుల్ వాళ్లు నేను ఏది బాగుంటుందంటే అదే తెప్పించుకుంటారు.

మేనేజర్: సరే. శనివారం సాయంత్రం ట్రయల్ షిఫ్ట్‌కి రండి, నాలుగు టేబుళ్లు ఇస్తాను. మెనూ కాపీ ఇప్పుడే తీసుకెళ్లండి, దేంట్లో నట్స్, పాలు, గోధుమ ఉన్నాయో వచ్చేసరికి నోటికి రావాలి.

అభ్యర్థి: అలాగే మేడమ్. ట్రయల్ షిఫ్ట్‌కి జీతం ఉంటుందా?

మేనేజర్: ఉంటుంది, గంటల లెక్కన అదే రాత్రి ఇచ్చేస్తాం. నల్ల ప్యాంటు, జారని బూట్లు వేసుకుని రండి.