పెళ్లికి ఐదు నెలలుంది, నా ముఖానికి ఏది చేయొచ్చో, ఏది కూడదో చెప్పండి

పాకాల,
మార్చి 14.

డాక్టర్ గారికి నమస్కారం.

నా పేరు హేమలత. వయసు 26. పాకాలలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. ఆగస్టు 20న, శ్రావణమాసంలో, తిరుచానూరులో నా పెళ్లి. ఇప్పుడు పరీక్షలు జరుగుతున్నాయి, సెలవు పెట్టడం కుదరదు. ఏప్రిల్ రెండో శనివారం వస్తానని ఫోన్‌లో చెప్పాను, మీ వాళ్లు పేరు రాసుకున్నారు. ఆ రోజు అమ్మ, పిన్ని కూడా వెంట వస్తారు. వాళ్ల ముందు నేను అన్నీ నోరు తెరిచి చెప్పలేను. అందుకే ముందే రాస్తున్నాను.

తెల్లబడాలని నేను రావడం లేదు. మాది చామనఛాయ, మా నాన్న రంగే నాకు వచ్చింది, దాంతో నాకు ఏ ఇబ్బందీ లేదు. పెళ్లిచూపులప్పుడు అటువైపు పెద్దావిడ ఒకరు "కాస్త రంగు తేలితే ఇంకా కళగా ఉంటుంది" అన్నారు. ఆ మాట అమ్మ మనసులో పడిపోయింది. పెళ్లికొడుకు మాత్రం ఎప్పుడూ అలా అనలేదు. నేను కోరేది ఒక్కటే: పెళ్లినాటికి నా ముఖం మండకుండా, ఎర్రబడకుండా, కొత్త మొటిమలు లేకుండా ఉండాలి.

ఇలా భయపడటానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట మా వీధి మెడికల్ షాపులో ఒక క్రీమ్ ఇచ్చారు. మచ్చలు పోతాయన్నారు. చీటీ అడగలేదు. వారం తిరక్కముందే ముఖం నున్నగా అయింది, స్కూల్లో టీచర్లంతా ఏం రాస్తున్నావని అడిగారు. నాలుగు నెలలు రోజూ రాత్రి రాశాను. ట్యూబ్ అయిపోయి పది రోజులు ఆపితే బుగ్గలు కారం పూసినట్టు మండాయి. సన్న సన్న పొక్కులు, ఎరుపు. చల్లనీళ్లతో కడిగినా చురుక్కుమనేది. భయపడి మళ్లీ కొని రాస్తే రెండు రోజుల్లో తగ్గింది. అలా మూడుసార్లు ఆపాను, మూడుసార్లూ మొదలుపెట్టాను. చివరికి ఒకరోజు ఆ ట్యూబ్‌ను ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లి మడత విప్పి చూశాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అని మూడు పేర్లు. మూడోది స్టెరాయిడ్ అని అప్పుడే తెలిసింది. డాక్టర్ చీటీ మీదే అమ్మాలని దానిమీదే ఉంది. ఆ తర్వాత పూర్తిగా మానేశాను, ఇప్పటికి పద్నాలుగు నెలలు. మంట తగ్గింది గానీ ఎండకు పోతే ఇప్పటికీ బుగ్గలు ఎర్రబడతాయి, చెంపల మీద నూగు కూడా మునుపటికన్నా ఎక్కువైంది. ఖాళీ ట్యూబ్ దాచి ఉంచాను, తీసుకొస్తాను.

ఇప్పుడున్న సమస్యలు చెబుతాను. గడ్డం కింద, దవడ పొడవునా లోతైన మొటిమలు, నెలసరికి వారం ముందు ఎక్కువ. నెలసరి ఒక్కోసారి 40, 45 రోజులకు వస్తుంది. పీసీఓడీ ఉందని కిందటేడు స్కాన్‌లో చెప్పారు, మందులేవీ వాడటం లేదు. మొటిమ మానిన చోటల్లా నల్లమచ్చ. నుదుటి మీద స్టిక్కర్ బొట్టు పెట్టే చోట దురద వచ్చి చర్మం కొంచెం పాలిపోయినట్టుంది. నెల నుంచి స్టిక్కర్ మానేసి కాటుక చుక్క పెట్టుకుంటున్నాను. బొట్టు జిగురువల్ల కొందరికి తెల్లమచ్చ వస్తుందని విన్నాను, అది మాత్రం తప్పకుండా చూడండి. పెళ్లిలో బాసికం, కల్యాణ తిలకం, కుంకుమ అన్నీ అక్కడే కదా.

ప్రస్తుతం నేను వాడేది సబ్బు, కొబ్బరినూనె, అంతే. సన్‌స్క్రీన్ కొన్నాను, రాస్తే తెల్లగా పూత కనిపిస్తోందని పక్కన పెట్టాను. ఇంటి నుంచి స్కూలుకు స్కూటీలో ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం ఒక పీరియడ్ మైదానంలోనే నిలబడాలి. మన వైపు ఎండ మీకు తెలుసు, మే నెలలో కత్తిరి ఎండ. పైగా ఆ నెలలోనే తిరుపతిలో గంగమ్మ జాతరకు మేనత్త వాళ్లింటికి వెళ్లి పొంగలి పెట్టాలి. అమ్మ మొక్కు ఉంది, పెళ్లికి ముందు అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలి. 3,550 మెట్లు, చెమటలో సన్‌స్క్రీన్ నిలుస్తుందా? మళ్లీ ఎప్పుడు రాసుకోవాలి? తెల్లపూత రాని రకం ఏదైనా ఉంటే పేరు రాసివ్వండి.

మా జేజి సున్నిపిండి గురించి అడగాలి. పెసలు, సెనగపప్పు, కచ్చూరాలు, బావంచాలు, పసుపు ఎండబెట్టి పిండి పట్టిస్తుంది. నలుగు పెట్టకుండా పెళ్లికూతుర్ని చేయడం మా ఇంట్లో జరగదు, నాకూ ఇష్టమే. కానీ బావంచాల్లో సోరాలెన్ ఉంటుందని, అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టవుతుందని చదివాను. బొల్లికి వాడే వైద్యంలోనూ అదే మందట. బావంచాలు తీసేసి పెసరపిండి, పసుపు మాత్రం ఉంచమంటే జేజి ఒప్పుకుంటుంది, మీరు చెప్పారని నేను చెప్పాలి. అలాగే నలుగు ముఖానికి రుద్దకుండా ఒంటికి, కాళ్లకు, చేతులకు మాత్రం పెట్టిస్తే సరిపోతుందా?

పార్లర్ వాళ్లు నెలనెలా ఫేషియల్, చివర్లో బ్లీచ్, పెళ్లికి వారం ముందు పీలింగ్ అని ప్యాకేజీ చెప్పారు. 18,000 రూపాయలు. నేను ఒప్పుకోలేదు. స్టెరాయిడ్ దెబ్బ తిన్న చర్మం మీద బ్లీచ్ పెట్టనివ్వను. రంగు కోసం గ్లూటాథయోన్ ఇంజెక్షన్ పెట్టించుకొమ్మని పెద్దమ్మ కూతురు అంటోంది, అది కూడా నాకు వద్దు. అమ్మకు మీరే ఆ మాట చెబితే బాగుంటుంది, నేను చెబితే పట్టించుకోదు. గోరింటాకు మాత్రం ఇంటి ఆకే రుబ్బిస్తాం. నల్లమెహందీ పెట్టుకుని మా చెల్లికి మణికట్టు దగ్గర బొబ్బలొచ్చాయి.

ఇక అమ్మ ముందు అడగలేని మాట. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇస్తారని, ఆ మాత్రలు వేసుకునేటప్పుడు, మానేశాక ఇంకో నెల గర్భం రాకూడదని, వస్తే బిడ్డకు లోపాలు వస్తాయని తెలుసుకున్నాను. మేమిద్దరం పిల్లల విషయం వాయిదా వేయాలనుకోవడం లేదు. కాబట్టి ఆ మాత్రలు నాకు వద్దనుకుంటున్నాను. తప్పదంటే ఎప్పుడు ఆపాలో నాకు వేరుగా చెప్పండి. రాత్రి రాసే రెటినాయిడ్ క్రీములు, డాక్సీసైక్లిన్ లాంటివి కూడా గర్భంలో కుదరవంటారు. అజిలాయిక్ యాసిడ్ నాకు సరిపోతుందా? ఏ మందైనా పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుందని విన్నాను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఆగస్టులో హడావుడిగా కొత్తది ఏదీ మొదలుపెట్టను.

ఉదయం, రాత్రి ఏం రాయాలో, ఏ వారంలో ఏది మొదలుపెట్టాలో, పెళ్లికి ఎన్ని రోజుల ముందు థ్రెడింగ్, వ్యాక్సింగ్ ముగించాలో ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి. అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తుంది. నా ఖర్చు మొత్తం 15,000 లోపు ఉండాలి, నా జీతంలో దాచినది. అంతకన్నా ఎక్కువ అయ్యేటట్టుంటే ముందుగా ఏది ముఖ్యమో చెప్పండి, మిగతాది వదిలేస్తాను.

వెలుతురులో తీసిన నాలుగు ఫోటోలు, స్కాన్ రిపోర్టు దీనితో పంపుతున్నాను. వచ్చేటప్పుడు ట్యూబ్‌తో పాటు జేజి సున్నిపిండి పొట్లం కూడా తెస్తాను. ఆ రోజు ఒక్క ఐదు నిమిషాలు అమ్మను బయట కూర్చోమని చెప్పండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
హేమలత