కోర్టు సాక్ష్యానికి ప్రత్యేక ఆకస్మిక సెలవు కోరుతూ దరఖాస్తు

వినుకొండ మండలం,
28-01-2026

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.

విషయం: 10-02-2026 (మంగళవారం) తెనాలి కోర్టులో సాక్షిగా హాజరయ్యేందుకు ఒకరోజు ప్రత్యేక ఆకస్మిక సెలవు, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లే అనుమతి కోరుట గురించి.

అయ్యా,

తెనాలి జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ కోర్టులో విచారణలో ఉన్న సి.సి. 214/2025 కేసులో నన్ను ప్రాసిక్యూషన్ తరఫు సాక్షిగా (ఎల్.డబ్ల్యు. 4) పిలుస్తూ సమన్లు వచ్చాయి. నిన్న సాయంత్రం కానిస్టేబుల్ వచ్చి ఇవ్వగా, రెండో ప్రతిపై సంతకం చేసి తీసుకున్నాను. ఫిబ్రవరి 10న ఉదయం 10.30కల్లా కోర్టులో ఉండాలి. పిలిచిన రోజు రాకపోతే వారంటు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది కనుక తేదీ మార్చుకోవడం నా చేతిలో లేదు.

ఇది 14-11-2024న తెనాలి శివారులో జరిగిన రోడ్డు ప్రమాదానికి సంబంధించి భారతీయ న్యాయ సంహిత 281, 106(1) సెక్షన్ల కింద పెట్టిన కేసు. ఆ దారిన వెళ్తూ చూశాను, అంతే. చనిపోయిన వారు గానీ నిందితుడు గానీ నాకు బంధువులు కారు, పరిహారం కేసులోనూ నేను పార్టీని కాను. స్వప్రయోజనం లేని సివిల్, క్రిమినల్ కేసుల్లో సాక్ష్యానికి సమన్లు అందిన ఉద్యోగికి ఈ సెలవు ఇవ్వవచ్చని ఫండమెంటల్ రూల్స్ 7వ అనుబంధంలో ఉంది. దయచేసి దీన్ని మామూలు సి.ఎల్. ఖాతాలో తగ్గించవద్దు. హాజరు యాప్‌లో ఒకసారి సి.ఎల్.గా పడితే సరిచేయించడం పెద్ద పని, అందుకే ముందే మనవి చేస్తున్నాను.

వినుకొండ నుంచి తెల్లవారి బస్సు ఎక్కితే గుంటూరులో మారి సమయానికి చేరడం అనుమానమే. కాబట్టి 9వ తేదీ బడి వదిలాక బయల్దేరుతాను. ఆ రోజుకు సెలవు అక్కర్లేదు. సాక్ష్యం మధ్యాహ్నం తర్వాత మొదలై, క్రాస్ ఎగ్జామినేషన్ మర్నాటికి వాయిదా పడితే కోర్టు దగ్గర్నుంచే మీకు ఫోన్ చేసి, తిరిగొచ్చాక ఆ రోజుకూ ఆధారంతో దరఖాస్తు ఇస్తాను. వాయిదా మరో తేదీకి పడితే ఆ వివరం రాతపూర్వకంగా తెలియజేస్తాను.

ఆ రోజు నాకున్న 4 పీరియడ్లలో పదో తరగతి గణితం రెండింటినీ భౌతికశాస్త్రం మేడం తీసుకుంటానన్నారు. త్రికోణమితి అభ్యాస పత్రాలు ముందురోజే ఆమెకు ఇస్తాను. 8-ఎ, 9-బి పీరియడ్లకు మాత్రం మీరే సర్దుబాటు చేయాలి. సాయంత్రం ప్రత్యేక తరగతిని 12వ తేదీన అదనంగా పెట్టుకుంటాను.

కోర్టులో హాజరు ధ్రువపత్రం తీసుకుని, విధుల్లో చేరిన రోజే అందజేస్తాను. బత్తా ఏదైనా ఇస్తే కోర్టులోనే తీసుకుంటాను, ఇక్కడ టి.ఏ. బిల్లు పెట్టను. ఈ సెలవు మంజూరు మీ పరిధిలోది కాదనుకుంటే పై అధికారికి ఈ వారంలోనే పంపవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. సుజాత,
స్కూల్ అసిస్టెంట్ (గణితం)

జత: సమన్ల జిరాక్సు, 1 పేజీ, స్వీయ ధ్రువీకరణతో. అసలు ప్రతి కోర్టులో చూపాలి కాబట్టి నా దగ్గరే ఉంచుకున్నాను, పోల్చి చూడటానికి ఎప్పుడైనా చూపగలను.