తిరిగి తరగతికి వస్తున్న సందర్భంగా మేడం గారికి, సహాధ్యాయులకు

కడప,
05-01-2026

గౌరవనీయులైన మేడం గారికి నమస్కారాలు. ఎం.ఏ. తెలుగు మొదటి సంవత్సరం మిత్రులకు, అక్కలకు, అన్నలకు కూడా ఈ ఉత్తరం.

సెప్టెంబరు 18న మధ్యాహ్నం తరగతి నుంచి లేచి వెళ్ళిన నేను మూడున్నర నెలల తర్వాత ఈరోజు తిరిగి వస్తున్నాను. నాకు వచ్చింది ఊపిరితిత్తుల పొరకు సోకిన క్షయ. ఛాతీలో చేరిన నీటిని రెండుసార్లు తీశారు. అదే నెల 24 నుంచి ఆరు నెలల మందుల కోర్సు నడుస్తోంది, మార్చి చివరి వరకు రోజూ మాత్రలు వేసుకోవాలి. నా పక్కన కూర్చోవడం వల్ల, నా పుస్తకం తాకడం వల్ల ఎవరికీ ఏమీ కాదని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. ఎవరి మనసులోనైనా సందేహం ఉంటే దాచుకోకుండా నన్నే అడగండి, దాచవలసిన జబ్బు అని నేను అనుకోవడం లేదు. సాయంత్రం అయిదు దాటితే మాత్రం ఇంకా నీరసం వస్తోంది. అందువల్ల రాత్రి చాలాసేపు చదివి అంతా ఒకేసారి పూర్తి చేస్తానని మాట ఇవ్వలేను.

నాకు అన్నిటికంటే బెంగగా ఉన్నది వ్యాకరణం. నేను వెళ్ళేనాటికి బాలవ్యాకరణంలో సంజ్ఞ, సంధి పరిచ్ఛేదాలు అయిపోయాయి. మీరిప్పుడు సమాస పరిచ్ఛేదంలో ఉన్నారని తెలిసింది. అంటే తత్సమ, ఆచ్ఛిక, కారక పరిచ్ఛేదాలు పూర్తిగా, సమాసంలో కొంత నాకు తప్పిపోయాయి. ఇంట్లో మంచం మీద ఉండి సూత్రాలు చదువుకున్నాను, కొన్ని కంఠస్థమయ్యాయి కూడా. కానీ మేడం గారు బోర్డు మీద వేసే ఉదాహరణలు, 'ఇది ఎందుకు ఇట్లా కాకూడదు' అని తరగతిలో అందరినీ నిలదీసే ప్రశ్నలు పుస్తకంలో దొరకవు. ఒక సందేహం ఇక్కడే రాస్తాను. ప్రథమ మీద పరుషాలకు గసడదవలు బహుళంగా వస్తాయని సంధిలో చదివాము, 'వాడుగొట్టె' అన్నది అట్లా వచ్చినదే. 'కూరగాయలు', 'తల్లిదండ్రులు' వంటి మాటల కోసం ద్వంద్వ సమాసంలో మళ్ళీ వేరే సూత్రం ఎందుకు చేయవలసి వచ్చింది? అక్కడ వికల్పం, ఇక్కడ నిత్యం అన్నదే కారణమని నేను ఊహించాను. అది సరైనదేనా, ఇంకేమైనా ఉందా అన్నది మేడం గారి నోట వినాలని ఉంది.

నవంబరులో మీరందరూ కలమళ్ళకు వెళ్ళివచ్చారని, రేనాటి చోళ ధనంజయుని శాసన పాఠాన్ని అక్కడే చదివి వివరించారని విన్నాను. క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఆ శాసనం మన జిల్లాలోనే ఉండి, అందరూ చూసినరోజు నేను లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. 'రేనాండు'లోని నిండు సున్న గురించి, 'ఏళన్' అన్న రూపంలోని ళకారం గురించి ఎవరైనా రాసుకొని ఉంటే ఆ పేజీలు, తీసిన ఫొటోలు దయచేసి నాకు ఇవ్వండి.

మిత్రులను కోరేదేమిటంటే, అందరి నోట్సులూ ఒక్కసారే వద్దు. వ్యాకరణం ఒకరిది, శాసనాలు ఒకరిది, ఛందస్సు ఒకరిది చాలు. ఏది ఎవరిస్తారో మీలో మీరు అనుకొని చెప్పండి. ఉదయం తీసుకొని, మధ్యాహ్న విరామంలో జిరాక్సు చేయించుకొని, అదేరోజు తిరిగి ఇచ్చేస్తాను, ఖర్చు నాదే. ఛందస్సుకు లక్షణాలు నాకు తెలుసు, గణవిభజన అభ్యాసం మాత్రం తప్పింది కనుక రోజుకు రెండు పద్యాలు నాతో కలిసి చేయగలవారు ఒక్కరుంటే నోట్సు కూడా అక్కరలేదు.

మేడం గారికి ఒక విన్నపం. మీకు వీలుంటే మంగళ, శుక్రవారాల్లో తరగతి అయ్యాక నాలుగు గంటలకు అరగంట సమయం ఇవ్వండి. సంక్రాంతి సెలవులలోపు తత్సమ, ఆచ్ఛికాలు చదివి నా సందేహాలను కాగితం మీద రాసుకొని వస్తాను. సెలవుల్లో ఊళ్ళో కారకం చదివి, తిరిగి వచ్చాక సమాసంలో మీతో కలుస్తాను. ఈ వరుస సరికాదని మీకు తోస్తే మార్చండి, ఏవి వదిలేయవచ్చో కూడా మీరే చెప్పండి. ఫిబ్రవరి పరీక్షలకు అన్నీ సమానంగా చదవడం నా శక్తికి మించినదని నాకు తెలుసు. నేను ఇవ్వవలసిన రెండు అసైన్‌మెంట్లకు జనవరి 30 వరకు గడువు కోరుతున్నాను. హాజరు తక్కువైనందుకు వైద్య ధ్రువపత్రాలను, ఆసుపత్రి కాగితాల నకళ్ళను ఈ ఉత్తరంతో జతచేశాను. కార్యాలయంలో ఇవ్వడానికి మీ సంతకం అవసరమని చెప్పారు.

రేపు మంగళవారం. మీరు సరేనంటే నాలుగు గంటలకు తత్సమ పరిచ్ఛేదం తెరుచుకొని విభాగం దగ్గర ఉంటాను.

మీ విద్యార్థిని,
రోల్ నంబరు 14