పుర్రె బొమ్మ

స్వాతి: నానమ్మకి కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాల్లో ఎలా ఉందో చూడు 📷

చిన్ను: 💀💀💀

స్వాతి: ఏంట్రా అది?

స్వాతి: 82 ఏళ్ల మనిషి ఫోటో కింద పుర్రెలా? శుభం పలకరా అంటే...

చిన్ను: అయ్యో, నవ్వలేక చచ్చానని అక్కా!

స్వాతి: మళ్లీ చావు మాట! ఇది ఫ్యామిలీ గ్రూపు. బాబాయ్ కూడా చూశాడు

చిన్ను: నాన్న చూశాడా?? డిలీట్ చేస్తున్నా

స్వాతి: నా పెళ్లిచూపుల ఫోటోకీ ఇదే పెట్టావుగా?

చిన్ను: అది నీ మీద కాదు. వెనకాల పెదనాన్న రెండు బుగ్గల్లోనూ జాంగ్రీ కుక్కుకుని...

స్వాతి: మా నాన్న మీద నవ్వావా!

చిన్ను: అక్కా

చిన్ను: బ్లూ టిక్కులు పడ్డాయి, మాట్లాడు

స్వాతి: ఆ బొమ్మ ఎక్కడ నొక్కితే వస్తుందని నానమ్మ అడుగుతోంది. మీ నాన్నకి పంపుతుందట